రాంగ్ నంబర్‌కి వెళ్లిన కిరాయి డబ్బు: యాప్ కంపెనీకి ఏం రాయాలి?

ప్రశ్న: అన్నా, మొన్న శనివారం రాత్రి ఇంటి ఓనర్‌కి కిరాయి 18,500 పంపబోయి నంబర్‌లో చివరి రెండు అంకెలు అటూ ఇటూ కొట్టేశాను. ఎవరికో పోయాయి. ఫోన్ చేస్తే ఎత్తట్లేదు. యాప్‌లో కంప్లయింట్ పెడితే "ట్రాన్సాక్షన్ సక్సెస్‌ఫుల్" అని క్లోజ్ చేసేశారు. బ్యాంకుకి వెళ్తే యాప్ వాళ్లనే అడగమన్నారు. కంపెనీకి గట్టిగా మెయిల్ రాద్దామనుకుంటున్నా. ఏం రాస్తే డబ్బు వెనక్కి ఇస్తారు?

జవాబు:

తమ్ముడూ, ముందు ఒక సంగతి. ఆ డబ్బు యాప్ కంపెనీ దగ్గర ఒక్క క్షణం కూడా లేదు. మీరు పిన్ కొట్టగానే మీ బ్యాంకు మీ ఖాతాలోంచి తీసింది, ఎన్‌పీసీఐ నడిపే యూపీఐ వ్యవస్థ ద్వారా అది అవతలి వ్యక్తి బ్యాంకుకి చేరింది, ఆ బ్యాంకు అతని ఖాతాలో వేసింది. యాప్ చేసిందల్లా మీ ఆర్డర్ తీసుకుని లోపలికి పంపడమే. అందుకని "నా డబ్బు నాకు ఇచ్చేయండి" అని కంపెనీకి రాస్తే, మనియార్డర్ ఫారం అమ్మినవాణ్ణి పట్టుకుని డబ్బు అడిగినట్టు ఉంటుంది. అక్కడ కూర్చున్న కుర్రాడు మీ ట్రాన్సాక్షన్ తెరిచి చూస్తాడు, సక్సెస్ అని కనిపిస్తుంది, టికెట్ మూసేస్తాడు. అతని లెక్కలో మీ సమస్య తీరిపోయింది.

నేను బ్యాంకులో ఇరవై ఏళ్ల పైన చేశాను. చివరి ఆరేళ్లు కంప్లయింట్ల సీట్లోనే గడిచాయి. అక్కడికి వచ్చే తప్పు బదిలీ ఫిర్యాదుల్లో సగానికి పైగా ఇలాగే రాసి ఉండేవి: పేరా నిండా కోపం, చివర "24 గంటల్లో తేల్చకపోతే కన్స్యూమర్ కోర్టుకి లాగుతా", కానీ బ్యాంకులు లావాదేవీని గుర్తుపట్టే UTR నంబర్ మాత్రం ఎక్కడా ఉండదు. మనిషి బాధ అర్థమవుతుంది గానీ, ఆ కాగితంతో మేం చేయగలిగేది ఏమీ ఉండేది కాదు.

కంపెనీ చేయగలిగింది ఒకటుంది. మీ ఫిర్యాదుని "పొరపాటున వేరే ఖాతాకి వెళ్లింది" అనే రకం కింద యూపీఐ వివాదాల వ్యవస్థలోకి ఎక్కించి, తన వెనక ఉన్న స్పాన్సర్ బ్యాంకు ద్వారా అవతలి బ్యాంకుకి చేర్చడం. అవతలి బ్యాంకు తన ఖాతాదారుని పిలిచి "ఈ డబ్బు మీది కాదట, వెనక్కి ఇస్తారా" అని అడుగుతుంది. అతను ఒప్పుకుంటే సంతకం తీసుకుని తిప్పి పంపుతుంది. ఒప్పుకోకపోతే తనంతట తాను అతని ఖాతాలో చేయి పెట్టలేదు. మొత్తం దారి ఇంతే. మీ మెయిల్ ఈ దారిని కదిలించేలా ఉండాలి.

రాసే ముందు ఒక్క నిమిషం స్టేటస్ మళ్లీ చూడండి. మీ విషయంలో సక్సెస్ అన్నారు కాబట్టి సందేహం లేదు. కానీ ఇది చదివే వేరేవాళ్లకి పెండింగ్ అనో ఫెయిల్డ్ అనో ఉండి, డబ్బు మాత్రం కట్ అయి ఉంటే అది పూర్తిగా వేరే కథ. అవతలి ఖాతాకి చేరని డబ్బుని మర్నాటికల్లా వెనక్కి వేయాలని, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019లోనే చెప్పింది. ఆ రూల్ పట్టుకుని మీ కేసులో అడిగితే మాత్రం మళ్లీ క్లోజ్ చేస్తారు, ఎందుకంటే అది మీకు వర్తించదు. ఇంకొకటి, బ్యాంకు ఖాతా నుంచి కాకుండా యాప్ వాలెట్‌లోంచి పంపి ఉంటే, అప్పుడు డబ్బు లెక్కలు కంపెనీ దగ్గరే ఉంటాయి, ఫిర్యాదులో వాలెట్ అని స్పష్టంగా రాయాలి. మీది ఖాతా నుంచే అనుకుని చెప్తున్నాను.

ఇప్పుడు మెయిల్. యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి హెల్ప్ నొక్కి అక్కడి నుంచి పెట్టిన ఫిర్యాదే మొదటి మెట్టు, అది మీరు ఎక్కేశారు. రెండో మెట్టు గ్రీవెన్స్ ఆఫీసర్. ఈ అడ్రస్ యాప్ లోపల గానీ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో గానీ ఉంటుంది. గూగుల్‌లో "కస్టమర్ కేర్ నంబర్" అని వెతికి దొరికిన నంబర్‌కి ఫోన్ చేయకండి. అలా చేసి 18 వేల కోసం వెళ్లి ఇంకో 60 వేలు పోగొట్టుకున్నవాళ్లు నా టేబుల్ ముందు కూర్చుని ఏడ్చారు.

ఇలా రాయండి, మీ వివరాలు పెట్టుకోండి:

"విషయం: పొరపాటున వేరే వ్యక్తికి వెళ్లిన యూపీఐ చెల్లింపు, రూ. 18,500. అవతలి బ్యాంకుకి రికవరీ అభ్యర్థన పంపమని వినతి.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

ఫలానా తేదీ శనివారం రాత్రి ఫలానా సమయానికి మీ యాప్ ద్వారా, ఫలానా బ్యాంకులోని నా ఖాతా (చివరి నాలుగు అంకెలు ఇవి) నుంచి రూ. 18,500 పంపాను. UTR నంబర్ ఇది. యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ ఇది. నేను పంపాలనుకున్న మొబైల్ నంబర్ ఇది, పొరపాటున కొట్టిన నంబర్ ఇది. చివరి రెండు అంకెలు తారుమారయ్యాయి. డబ్బు చేరిన యూపీఐ ఐడీ, స్క్రీన్ మీద కనిపించిన పేరు ఇవి. ఆ వ్యక్తి నాకు తెలియదు. ఆయనకి నేను ఏ బాకీ లేను.

లావాదేవీ విజయవంతంగా పూర్తయిందని నాకు తెలుసు. ఇది ఫెయిల్ అయిన లావాదేవీ ఫిర్యాదు కాదు, మోసం ఫిర్యాదు కూడా కాదు. పొరపాటు నాదే.

ఇదే విషయంపై ఇంతకు ముందు పెట్టిన ఫిర్యాదు (టికెట్ నంబర్) 'సక్సెస్‌ఫుల్' అన్న కారణంతో మూసేశారు. అవతలి బ్యాంకుకి అభ్యర్థన పంపారో లేదో అందులో చెప్పలేదు. కాబట్టి నేను కోరేది: దీన్ని పొరపాటున వేరే ఖాతాకి జరిగిన బదిలీగా యూపీఐ వివాద వ్యవస్థలో నమోదు చేసి రిఫరెన్స్ నంబర్ ఇవ్వండి. అవతలి బ్యాంకు తన ఖాతాదారుని సంప్రదించి, ఆయన సమ్మతితో డబ్బు వాపసు చేసేలా మీ స్పాన్సర్ బ్యాంకు ద్వారా అడగండి. ఏ తేదీన ఏ బ్యాంకుకి పంపారో, వాళ్ల జవాబు ఏమిటో నాకు రాతపూర్వకంగా తెలపండి. ఆ వ్యక్తి చిరునామా గానీ ఖాతా వివరాలు గానీ నాకు ఇవ్వమని అడగడం లేదు.

జతపరిచినవి: లావాదేవీ స్క్రీన్‌షాట్, నా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ పేజీ, గత రెండు నెలలు ఇదే మొత్తం సరైన నంబర్‌కి పంపిన స్క్రీన్‌షాట్లు."

అంతే. దీనికి కథ జోడించకండి. ఇందులో ప్రతి వాక్యానికీ పని ఉంది, కొన్నింటి గురించి చెప్తాను.

UTR అంటే 12 అంకెల నంబర్. యాప్ చూపించే టికెట్ నంబర్ వేరు, కంపెనీ సొంత ట్రాన్సాక్షన్ ఐడీ వేరు. టికెట్ నంబర్ ఆ కంపెనీ గోడలు దాటితే ఎవరికీ అర్థం కాదు. రెండు బ్యాంకుల్లోనూ లావాదేవీ దొరికేది UTRతోనే. అంకెలు చూసి టైప్ చేయకుండా కాపీ చేసి పేస్ట్ చేయండి, ఇప్పటికే ఒకసారి అంకెలతో దెబ్బ తిన్నారు.

"పొరపాటు నాదే" అని రాయడానికి చాలామంది జంకుతారు, ఒప్పుకుంటే హక్కు పోతుందేమో అని. పోదు. భారత కాంట్రాక్టు చట్టం 1872లో 72వ సెక్షన్ ఉంది: పొరపాటున చెల్లించిన డబ్బు అందుకున్నవాడు దాన్ని తిరిగి ఇవ్వాలి. అంటే మీ హక్కు పుట్టిందే ఆ పొరపాటు వల్ల. దాచి "యాప్ దానంతట అదే పంపేసింది" అని రాస్తే, పిన్ ఎవరు కొట్టారన్న ప్రశ్న దగ్గరే ఫిర్యాదు ఆగిపోతుంది.

"మోసం కాదు" అన్న మాట అంతకన్నా ముఖ్యం. త్వరగా పనవుతుందని ఎవరో ఒకరు మీకు 1930కి ఫోన్ చేసి సైబర్ ఫ్రాడ్ అని చెప్పమంటారు. ఆ నంబర్ మోసపోయినవాళ్ల కోసం. మీరు అలా చెప్తే ఏ పాపం తెలియనివాడి ఖాతా ఆగిపోవచ్చు. రేపు విచారణలో మీరే నంబర్ తప్పు కొట్టారని తేలితే అబద్ధపు ఫిర్యాదు మీ మెడకి చుట్టుకుంటుంది. పైగా ఖాతా ఆగిపోయినవాడు మీకు డబ్బు ఇద్దామనుకున్నా పంపలేడు.

గత నెలల స్క్రీన్‌షాట్లు ఎందుకంటే, అవతలి బ్యాంకులో ఉన్న ఆఫీసర్‌కి మీరెవరో తెలియదు. "వస్తువు కొని, డబ్బు పంపి, ఇప్పుడు పొరపాటంటున్నాడేమో" అన్న అనుమానం ఆయనకి ఉంటుంది. వరసగా రెండు నెలలు అదే 18,500, దాదాపు అదే నంబర్, ఈ నెల రెండు అంకెలు మాత్రం తేడా. పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకెవరూ వివరించక్కర్లేదు.

వ్యక్తి వివరాలు అడగడం లేదన్న వాక్యం కూడా కావాలనే పెట్టాను. ఖాతాదారు వివరాలు బయటివాళ్లకి బ్యాంకు ఇవ్వదు, యాప్ కూడా ఇవ్వదు. మీరు అవి అడిగితే "గోప్యత కారణంగా ఇవ్వలేం" అన్న రెడీమేడ్ జవాబు వస్తుంది, మిగతా అభ్యర్థన ఆ జవాబు కిందే సమాధి అవుతుంది.

ఒక కేసు చెప్తాను. ఒకావిడ కూతురి హాస్టల్ ఫీజు 24,000 వార్డెన్ పాత నంబర్‌కి పంపేశారు. వార్డెన్ ఆ సిమ్ వదిలేసి చాలా కాలమైంది, ఆ నంబర్ ఇంకెవరికో వెళ్లిపోయింది. మొదటి ఫిర్యాదు ఆవిడ కొడుకు రాశాడు, సగం బూతులే. రెండు రోజుల్లో క్లోజ్. తర్వాత ఆవిడ మా బ్రాంచికి వస్తే పైన చెప్పిన తరహాలో రెండు కాగితాలు తయారు చేయించాను, ఒకటి యాప్‌కి, ఒకటి మా బ్యాంకుకి. అవతలి బ్యాంకు వాళ్లు ఖాతాదారుకి ఫోన్ చేస్తే అతను భవన నిర్మాణ పనిలో ఉన్నాడు, మేస్త్రీ కూలి డబ్బులు వేశాడనుకున్నాడట. ఈవిడ ఫోన్లు ఎందుకు ఎత్తలేదంటే, "పొరపాటున పంపాను, తిరిగి పంపు" అని ఫోన్ చేసేవాళ్లు దొంగలని ఎవరో చెప్పారట. ఆ మాటలో తప్పేం లేదు, అలాంటి మోసాలు నిజంగానే ఉన్నాయి. తన సొంత బ్యాంకు పిలిచి చెప్పాక నమ్మాడు, సంతకం పెట్టాడు. పదకొండో రోజు డబ్బు వచ్చింది. మొత్తం కాదు, అప్పటికే రెండు వేలు ఖర్చు పెట్టేశాడు. అవి మర్నెల పంపాడు.

అందుకే మీరు కూడా అతనికి గంటకోసారి ఫోన్ చేయడం ఆపండి. ఒక్క మెసేజ్ పెట్టండి, అందులో లింకు గానీ క్యూఆర్ కోడ్ గానీ వద్దు: "అన్నా, ఫలానా తేదీన నా కిరాయి డబ్బు పొరపాటున మీ ఖాతాకి వచ్చింది. నాకు నేరుగా పంపక్కర్లేదు. మీ బ్యాంకు బ్రాంచికి వెళ్లి ఈ UTR చూపించి అడగండి, వాళ్లే వెనక్కి పంపుతారు." తన బ్యాంకులోనే అడగమంటే భయం సగం తగ్గుతుంది.

ఇక బ్యాంకు సంగతి. "యాప్ వాళ్లని అడుగు" అని కౌంటర్లో నోటితో చెప్పారు కదా, అదే మాట కాగితం మీద రాసివ్వమనండి, రాయరు. పై మెయిల్‌నే బ్రాంచి మేనేజర్ పేరుతో మార్చి రాసి, రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. యాప్ జవాబు వచ్చేదాకా ఆగకండి, అదే రోజు ఇచ్చేయండి. రోజులు గడిచేకొద్దీ అవతలి ఖాతాలో డబ్బు ఉండకపోవచ్చు. ఏదో ఈఎంఐ కట్ అయిపోయిందంటే మనిషి మంచివాడైనా ఇవ్వడానికి చేతిలో ఉండదు.

ఇక్కడ దాదాపు అందరూ పడే గుంట ఒకటుంది. యూపీఐ ఐడీ చివర @ybl అని కనిపిస్తే యెస్ బ్యాంకు బ్రాంచికి, @okhdfcbank అని ఉంటే హెచ్‌డీఎఫ్‌సీ బ్రాంచికి పరిగెత్తుతారు. ఆ తోక చెప్పేది అతను వాడే యాప్ వెనక ఏ బ్యాంకు ఉందో మాత్రమే. @ybl ఫోన్‌పేలో, @okhdfcbank గూగుల్ పేలో కనిపిస్తాయి. అతని డబ్బు ఉన్న ఖాతా గ్రామీణ బ్యాంకులో ఉండొచ్చు, స్టేట్ బ్యాంకులో ఉండొచ్చు. తోక చూసి ఒక బ్రాంచికి వెళ్తే "మా దగ్గర ఇలాంటి ఖాతా లేదు" అంటారు, అది నిజమే. అసలు ఖాతా ఏ బ్యాంకులో ఉందో మీ బ్యాంకు UTR పెట్టి చూడగలదు, అందుకే పని మీ బ్యాంకు ద్వారా నడవాలి.

వారం పది రోజుల్లో రిఫరెన్స్ నంబర్ కూడా రాకపోతే ఎన్‌పీసీఐ వెబ్‌సైట్ npci.org.in తెరవండి. యూపీఐ విభాగంలో Dispute Redressal Mechanism అని ఉంటుంది. ఫిర్యాదు ఫారంలో Person to Person ఎంచుకుని, సమస్య దగ్గర Incorrectly transferred to another account పెట్టండి. UTR, బ్యాంకు, మొత్తం, తేదీ అడుగుతుంది, స్టేట్‌మెంట్ అప్‌లోడ్ చేయాలి. ఎన్‌పీసీఐ కూడా ఆ డబ్బు లాక్కుని ఇవ్వదు, కానీ కదలని బ్యాంకుల మీద దాని ఒత్తిడి పనిచేస్తుంది.

బ్యాంకులో స్టాంపు వేయించుకున్న కాపీ మీద తేదీ నుంచి 30 రోజులు దాటాక కూడా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.inలో పెట్టొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. అయితే అంబుడ్స్‌మన్ చూసేది బ్యాంకు తన పని చేసిందా లేదా అన్నదే. అవతలి మనిషి మీద ఆయనకి అధికారం లేదు. కాబట్టి అక్కడ "నా 18,500 ఇప్పించండి" అని కాకుండా, "ఫలానా తేదీన రాతపూర్వకంగా అడిగాను, అవతలి బ్యాంకుకి అభ్యర్థన పంపినట్టు ఇప్పటికీ ఆధారం ఇవ్వలేదు" అని రాయండి. మెయిల్లో రిఫరెన్స్ నంబర్, పంపిన తేదీ, రాతపూర్వక జవాబు అడగమన్నది ఈ రోజు కోసమే. నేను సీట్లో ఉన్నప్పుడు నెలల తరబడి కదలని ఫైలు, అంబుడ్స్‌మన్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చిన పూటే కదలడం చూశాను, మా బ్యాంకు సహా.

అతను ఇవ్వనని తెగేసి చెప్తే? అప్పుడు యాప్‌కి రాసి లాభం లేదు, దారి మారుతుంది. తనది కాదని తెలిసి కూడా దురుద్దేశంతో ఉంచుకుని వాడుకోవడం భారతీయ న్యాయ సంహిత 314 కింద నేరం. కానీ ఇది పోలీసులు నేరుగా కేసు కట్టే రకం కాదు, మేజిస్ట్రేటు అనుమతి కావాలి. స్టేషన్‌లో పిటిషన్ తీసుకుని పిలిచి మాట్లాడటం మాత్రం జరుగుతుంది, చాలాసార్లు ఆ ఒక్క ఫోన్‌తోనే తేలిపోతుంది. సివిల్ దావాకి మీకు మూడేళ్ల గడువు ఉంది. 18,500 కోసం లాయర్ ఫీజు ఇచ్చుకోవడం కష్టం కాబట్టి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, కోర్టులో దావా వేయకముందే పెట్టే ప్రీ లిటిగేషన్ పిటిషన్ గురించి అడగండి, అది లోక్ అదాలత్‌కి వెళ్తుంది. అక్కడ అవతలి వ్యక్తి చిరునామా కావాలి. మీ దగ్గర ఉన్నది ఫోన్ నంబరూ పేరూ మాత్రమే. ఈ మెట్టు దగ్గర చాలా కేసులు ఆగిపోతాయి, ఆ మాట దాచి చెప్పడం నాకిష్టం లేదు. అందుకే మొదటి పదిహేను రోజుల కాగితాల మీద ఇంత పట్టుదల.

ట్విట్టర్‌లో స్క్రీన్‌షాట్ పెడదామనుకుంటే కనీసం నంబర్లు కొట్టేయండి. పెట్టిన పది నిమిషాల్లో కంపెనీ లోగో పెట్టుకున్న దొంగ ఖాతాలు "డియర్ సర్, ఈ ఫారం నింపండి" అని వస్తాయి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్క్రీన్ షేర్ చేసే యాప్ అసలే అక్కర్లేదు.

చివరగా ఒక చిన్న పని, ఈ రాత్రే చేయండి. ఆ తప్పు నంబర్ ఇప్పుడు మీ యాప్‌లో రీసెంట్ లిస్టులో అందరికన్నా పైన కూర్చుని ఉంటుంది, అదే 18,500 గుర్తుతో. వచ్చే నెల ఒకటో తారీఖు అర్ధనిద్రలో మళ్లీ దాన్నే నొక్కినవాళ్లని ఇద్దరిని చూశాను. అలాగని ఇప్పుడే బ్లాక్ చేయకండి, అతను డబ్బు పంపాలన్నా చాట్‌లో జవాబు ఇవ్వాలన్నా ఆ దారి తెరిచే ఉండాలి. ఫోన్‌లో ఆ నంబర్‌ని "రాంగ్ కిరాయి" అని సేవ్ చేసుకోండి. ఓనర్ నంబర్ మాత్రం ఆయన చేతే మీకు ఒక రూపాయి పంపించుకుని, ఆ ఎంట్రీ నుంచే ఇకపై పంపండి.